సుబ్బక్క అతకనివ్వని పడుగు

ఎమ్మిగనూరులో మా వీధి చివర సుబ్బక్క ఇంట్లో మగ్గం ఆడినన్నాళ్లూ మాకు గడియారం అవసరం పడలేదు. తెల్లవారి ఐదున్నరకు టకటక మొదలయ్యేది. అది ఆగిందంటే మధ్యాహ్నం భోజనం వేళ. మళ్లీ మొదలై పొద్దుగూకాక ఆగేది. ఆ చప్పుడు ఆదోని రైల్వే స్టేషను దాకా వినిపించేదనీ, స్టేషను మాస్టరు అది విని బండికి జెండా ఊపేవాడనీ నేను మా మనవళ్లకు చెప్పాను. వాళ్లు నమ్మలేదు. సుబ్బక్క మాత్రం నమ్మింది.

"ఊపే ఉంటాడులే అన్నా. మా ఓబుళేశు మగ్గం పలక కొడితే అట్లుండేది" అంది.

ఆమె పుట్టింది కోసిగిలో, నేత ఇంట. ఏడేళ్లకే నూలు కండెలు చుట్టింది. పద్దెనిమిదేళ్లకు ఓబుళేశును చేసుకుని ఈ ఇంటికి వచ్చింది. రెండు గదుల మిద్దె. ముందు గదిలో, కిటికీ వెలుతురు పడే చోట, మగ్గం గుంత ఉంది. మగ్గం నేల మీద ఉంటుంది. నేసే మనిషి ఆ గుంత అంచున కూర్చుని కాళ్లు లోపలికి దించి తొక్కుడు కర్రలను తొక్కాలి. ఆమె మామ తవ్విన గుంత అది. అంచుకు కడప బండలు పరిచాడు. యాభై ఏళ్లపాటు మడమలు ఒరుసుకుని ఒరుసుకుని ఎడమవైపు బండ మీద చిన్న పళ్లెమంత పల్లం పడింది.

ఓబుళేశు పోయి ఎనిమిదేళ్లు. పిల్లలు లేరు. అంతకుముందు సుబ్బక్క పక్కన కూర్చుని కండెలు చుట్టేది. అతను పోయిన పదహారో రోజున తనే గుంతలోకి దిగింది. "నా మడమ పోయి సరిగ్గా ఆ పల్లంలో పడిందన్నా. ఆయప్ప జరిగి నాకు చోటిచ్చినట్టు" అని అప్పట్లో నాతో చెప్పింది. ఆరేళ్లు నేసింది. తర్వాత మోకాళ్లు మొరాయించాయి. గుంతలోకి దిగితే పైకి రావడం గగనమైంది. ఒకరోజు మగ్గం మీది నిలువు పోగుల పడుగు పూర్తయింది, చీరలు కోసి ఇచ్చింది, కొత్త పడుగు తీసుకోలేదు. మగ్గం ఆగింది. మా వీధికి టైము తెలియకుండా పోయింది.

రెండేళ్లు ఆ చప్పుడు లేని ఇంట్లో ఉంది. ఉండలేకపోయింది. మొన్న జూన్‌లో ఇల్లు అమ్మేసి, బజారు పక్క ఇడ్లీ బండి నడుపుకునే చెల్లెలు హులిగెమ్మ దగ్గర ఉండిపోదామని నిశ్చయించుకుంది. ఆ సమయానికి నేను కమలాపురంలో మా అమ్మాయి దగ్గరున్నాను. ఉండి ఉంటే ఈ కథే ఉండేది కాదు. ఎందుకంటే వీధి మొత్తానికి ఇంగ్లీషు కాగితం చదివిపెట్టేది నేనే. ఆదోనిలో కాన్వెంటు సిస్టర్లు స్కేలుతో కొట్టి నేర్పిన ఇంగ్లీషు అది. ఇప్పటికీ ఇంగ్లీషు చదివేటప్పుడు నా అరచేతులు వాటంతట అవే వెనక్కి పోతాయి.

నేను లేనప్పుడు వీరేంద్ర వచ్చాడు. ముప్పై ఏళ్ల కుర్రాడు, కర్నూలులో ఆఫీసున్న మహానంది అనే ప్రాపర్టీ బ్రోకరుకు మా ఊళ్లో మనిషి. మర్యాదస్తుడే. "అక్కా, నలుగురు బ్రోకర్లకు చెప్తే ఎవురూ పట్టించుకోరు. మా ఒక్కరికే ఇయ్యి. ఫోటోలు తీస్తాం, ఫోన్లలో పెడతాం, బోర్డు కడతాం. ఆర్నెల్లు" అన్నాడు. నాలుగు పేజీల ఇంగ్లీషు ఒప్పందం మీద ఆమె సంతకం పెట్టింది. ఇల్లు ఖాళీగా ఉంటేనే తొందరగా పోతుందని చెబితే చెల్లెలింటికి మారింది. తాళంచెవి వీరేంద్ర జేబులోకి వెళ్లింది. గోడ మీదికి బోర్డు ఎక్కింది.

ఇల్లు చూడడానికి చాలామంది వచ్చారు. అందరూ గోడలు చూశారు, మిద్దె చూశారు, ముక్కులు చిట్లించారు. ఆగస్టులో, నేను ఊరికి తిరిగొచ్చాక, ఒకాయన ఫోనులో వీడియో తీసుకుంటూ వెనక్కి నడిచి నడిచి గుంతలో పడ్డాడు. నడుము దాకా దిగబడి, చేతులు రెండూ మగ్గం మీద ఆనించి నిలబడ్డాడు. నేను కిటికీలోంచి చూశాను. అచ్చం నేతగాడిలా ఉన్నాడు. ఆ ఊపులో ఒక జానెడు బట్ట నేసే పైకి వచ్చాడని నేను అందరికీ చెబుతుంటాను. నేయలేదు. వీరేంద్ర మీద కేకలేసి వెళ్లిపోయాడు. అప్పటినుంచి గుంత మీద ఒక చెక్క పలక పరిచారు.

సుబ్బక్క వారానికి రెండుసార్లు వీధిలోకి వచ్చేది. ఏదో పని ఉన్నట్టు వచ్చేది. తన ఇంటి ముందు ఆగి, బోర్డు చదివినట్టు నటించి, కిటికీలోంచి లోపలికి చూసేది. చెక్క పలక కనిపిస్తే ముఖం పక్కకు తిప్పుకునేది.

"అమ్ముకున్న దానివి, మల్ల ఎందుకు తొంగి చూస్తావు?" అని అడిగాను ఒకసారి.

"యాడ అమ్ముడుబోయింది? అమ్ముడుబోయినాక చూడను కదా" అంది.

అక్టోబరులో శివకుమారి ఆమె దగ్గరికి వచ్చింది. శివకుమారిది నేత కుటుంబం. అద్దె ఇంట్లో గుంత మగ్గం మీద చీరలు నేస్తుంది. ఆ ఇంటి ఓనరు పడగొట్టి రెండంతస్తులు కడతానని ఖాళీ చేయమన్నాడు. ఆమె ఊరంతా తిరిగింది. ఇల్లు ఇస్తామనేవాళ్లున్నారు. ఇంట్లో గుంత తవ్వుకోనిచ్చేవాళ్లు ఒక్కరూ లేరు. పాలిష్ బండలు పగలగొట్టి గుంత తీయనివ్వమంటే ఎవరు ఒప్పుకుంటారు?

"పెద్దమ్మా, నీ ఇల్లు అమ్మేదాక నాకు అద్దెకియ్యి. ముందు గది చాలు. గుంత ఉండాది, మగ్గం ఉండాది. నేను పడుగు తెచ్చుకుంటా" అంది.

ఆ మాటతో సుబ్బక్కకు ఏమైందో ఆమెకే తెలియాలి. మూడో రోజు పొద్దున ఇడ్లీ పిండి కలుపుతూ ఉన్నట్టుండి హులిగెమ్మతో, "నేను ఇల్లు అమ్మనే. ఆ పిల్లకిస్తా. నేను పక్కన కూచోని కండెలు చుడతా. దిగేది ఆ పిల్ల దిగుతాది, వినేది నేను వింటా" అందట. అనడమే కాదు, వెంటనే వీరేంద్రను బజారులో పట్టుకుని చెప్పేసింది. "అబ్బయ్యా, ఆర్నెల్లు అయినాక ఇంక వద్దు. నా ఇల్లు నాకిచ్చేయండి."

"సరే అక్కా, చూద్దాం" అన్నాడు వీరేంద్ర.

ఆమెకు అంతటితో పని అయిపోయింది. ఎందుకంటే ఆమె నలభై ఏళ్లుగా చేసిన కట్టుబాట్లన్నీ అట్లాంటివే. నూలిచ్చి చీరలు నేయించుకునే మేస్త్రీ దగ్గర పడుగు తెచ్చుకుంటే అది పూర్తయ్యేదాకా అతనికే నేయాలి. మధ్యలో వదలకూడదు, ఇంకొకరిది ఎక్కించకూడదు. పడుగు పూర్తయ్యే రోజున "ఇంక నాకొద్దప్పా" అని నోటితో ఒక మాట చెబితే సరి. కొత్త పడుగు తీసుకోని మనిషిని ఏ మేస్త్రీ ఆపడు. ఆర్నెల్ల ఒప్పందం అంటే ఆమెకు ఆర్నెల్ల పొడవున్న పడుగు. దాని చివర వస్తే అదే తెగిపోతుంది. శివకుమారితో డిసెంబరు నెలాఖరుకు రమ్మని చెప్పేసింది కూడా.

నవంబరు పంతొమ్మిది, బుధవారం, మధ్యాహ్నం మూడు గంటలకు ఆమె నాలుగు పేజీల కాగితం పట్టుకుని మా ఇంటికి వచ్చింది. చెమటలు పట్టి ఉంది.

"అన్నా, వీరేంద్ర కనపడినాడు. వచ్చే వారం గుంత పూడుస్తారంట. మట్టి పోసి సిమెంటు చేస్తే కొనేటోళ్లు బెదరరంట. ఎందుకప్పా, డిసెంబరుతో అయిపోతాది కదా అంటే, ఇంకా ఆర్నెల్లు ఉండాది కదక్కా అంటాడు. యాడిది ఇంకో ఆర్నెల్లు?"

చదివాను. జూన్ ఇరవై ఒకటి నుంచి డిసెంబరు ఇరవై దాకా ఒప్పందం. ఆ గడువులో మహానంది తప్ప ఇంకెవరూ ఇల్లు అమ్మిపెట్టకూడదు, ఆమే స్వయంగా మనిషిని తెచ్చుకున్నా కమీషను ఇవ్వాలి, ఇల్లు ఎవరికీ అద్దెకివ్వకూడదు. ఇల్లు చూపించడానికి వీలుగా వాళ్లు చిన్న చిన్న మరమ్మతులు చేయించుకోవచ్చు. ఇదంతా మూడో పేజీ దాకా. నాలుగో పేజీలో తొమ్మిదో షరతు. గడువు ముగిసేందుకు ముప్పై రోజుల ముందే, పొడిగింపు వద్దని రాతపూర్వకంగా ఇచ్చిన నోటీసు కర్నూలు ఆఫీసుకు అందకపోతే, ఒప్పందం అవే షరతులతో దానంతట అదే మరో ఆరు నెలలు సాగుతుంది.

నా అరచేతులు వెనక్కి పోయాయి.

"నోటితో చెప్పింది లెక్కలోకి రాదు సుబ్బక్కా. కాయితం మీద రాసియ్యాల. అది కర్నూలుకు అందాల. డిసెంబరు ఇరవైకి ముప్పై రోజుల ముందంటే రేపే ఆఖరు. రేపు అందకపోతే ఇంకో ఆర్నెల్లు వానిదే."

ఆమె వేళ్లతో గాలిలో పోగు మెలిపెట్టినట్టు చేసింది. నేతవాళ్లు పడుగు అయిపోవచ్చినప్పుడు పాత పోగుల చివరలకు కొత్త పోగులు ఒక్కొక్కటే మెలిపెట్టి అతుకుతారు. వేల పోగులు. అట్లా అతికితే మగ్గం విప్పకుండానే కొత్త పడుగు ఎక్కిపోతుంది.

"అర్థమయిందన్నా. ఇది దానంతటదే అతుక్కునే పడుగు. నేను తెంపితేనే తెగుతాది."

సిస్టర్లు కూడా అంత బాగా చెప్పలేరు.

"పోస్టులో పంపితే?" అంది.

"మూడు దాటింది. ఇప్పుడు స్పీడు పోస్టు చేసినా రేపే అందుతాదని ఎవురు చెప్తారు? చేతికియ్యాల. రెండు కాపీలు తీసుకుని పోయి, ఒకటి వాళ్లకిచ్చి, రెండోదాని మీద అందిందని ముద్ర, తేదీ, సంతకం వేయించుకుని రావాల."

అప్పుడు ఆమె ముఖం వాడిపోయింది. "రేపు అమావాస్య అన్నా."

నాకు గుర్తే లేదు. కార్తీక అమావాస్య. అమావాస్య నాడు నేతవాళ్లు మగ్గం ముట్టరు. ఆ రోజు మగ్గానికి సెలవు. ఏ కొత్త పనీ ఎత్తుకోరు, ఊరికి పయనం కట్టరు. సుబ్బక్క అరవై ఏళ్లలో ఒక్క అమావాస్యనూ తప్పలేదు. ఓబుళేశుకు జ్వరమొచ్చి ఆసుపత్రికి తీసుకుపోవాల్సిన రోజున కూడా అమావాస్య దాటనిచ్చి వెళ్లింది. ఆ సంగతి ఆమె ఎప్పుడూ మాట్లాడదు. నేనూ ఎత్తను.

"ముందు రాద్దాంపా" అన్నాను.

రాశాను. మొదట నా పాండిత్యమంతా వెలిగించి ఒక పేజీన్నర రాశాను. నోటీసులో సుబ్బక్క మామ గుంత తవ్విన వృత్తాంతం, స్టేషను మాస్టరు జెండా కూడా ఉన్నాయి. ఆమె తెలుగు చదువుతుంది. మొదటి పేరా చదివి తిరిగి ఇచ్చింది.

"ఇంత పొడుగెందుకన్నా? తెంపేదానికి ఇంత పోగు పట్టదు."

రెండోసారి ఇట్లా రాశాను:

"మా ఇంటి అమ్మకం కోసం జూన్ 21న మీకు రాసిచ్చిన ఒప్పందం డిసెంబరు 20తో ముగుస్తుంది. దాన్ని నేను పొడిగించడం లేదు. తొమ్మిదో షరతు ప్రకారం ఇస్తున్న నోటీసు ఇది. గడువు ముగిసిన రోజున బోర్డు తీసివేసి, ఫోన్లలో పెట్టిన ప్రకటనలు తొలగించి, తాళంచెవి తిరిగి ఇవ్వవలెను. ఇంతవరకు మీరు ఇల్లు చూపించిన వారి పేర్ల జాబితా కూడా ఇవ్వవలెను."

జాబితా ఎందుకని అడిగింది. వాళ్లు చూపించిన మనిషెవరైనా గడువు దాటిన మూడు నెలల్లోపు ఇల్లు కొంటే వాళ్ల కమీషను వాళ్లకు వస్తుంది, ఎవరెవరో ముందే తెలిసుంటే తర్వాత పేచీ ఉండదని చెప్పాను. "నేను అమ్మను కదా" అంది. "అయినా ఉండనీ" అన్నాను.

జిరాక్సు షాపులో టైపు చేయించి రెండు కాపీలు తీసుకున్నాం. ఆ సాయంత్రమే, పొద్దు ఉండగానే, సంతకం పెట్టమన్నాను. ఆమె పెన్ను తీసుకుని మళ్లీ పెట్టేసింది.

"రేపు నువ్వొక్కనివే పోయొస్తావా అన్నా?"

"పోతా. కానీ నువ్వు లేకుండా నేను ఇస్తే, ఈ ముసలాయన ఎవరు, ఆమె మనసులో ఏముందో మాకేం తెలుసు అంటారు. ఇల్లు నీది. మాట నీ నోట రావాల."

లేచి వెళ్లిపోయింది. కాగితాలు నా దగ్గరే ఉండిపోయాయి, సంతకం లేకుండా.

గురువారం పొద్దున ఏడింటికి తలుపు తట్టారు. సుబ్బక్క, తలకు స్నానం చేసి, ఇంట్లో నేసుకున్న మామిడిపండు రంగు చీర కట్టుకుని నిలబడి ఉంది. వెనకాల హులిగెమ్మ టిఫిను డబ్బాతో.

"అమావాస్య కదా?" అన్నాను.

"రాత్రంతా ఆలోచించినా అన్నా. అమావాస్య దినం ఏది మొదులుపెట్టకూడదు. నేను మొదులుపెట్టేది ఏముండాది? ఆపేదే కదా. మగ్గం ఆగేది ఈ దినమే. ఆపేదానికి ఇంతకన్న మంచి దినం యాడుంటాది?"

"ఇదేంది కొత్తగా కనిపెట్టినావక్కా!" అంది హులిగెమ్మ. "మన పక్కనుండే కన్నడమోళ్లకు అమావాస్య మంచిదని నేను ముప్పై ఏండ్లుగా మొత్తుకుంటాండా, నా మాట విన్యావా?"

"నువ్వు ఇడ్లీలు ఇచ్చి పోవే."

మా గడప మీద కూర్చుని రెండు కాపీల మీదా సంతకం పెట్టింది. అక్షరం అక్షరం, వరుస తప్పకుండా.

కర్నూలు బస్సులో ఆడవాళ్లకు ఉచితం కాబట్టి, ఆధారు చూపిస్తే ఆమెకు సున్నా టికెట్టు కొట్టారు. నేను దుడ్లిచ్చి కొన్నాను. "నీ ఇంగ్లీషుకు కండక్టరు భయపడలేదే" అంది. కోడుమూరు దాటేదాకా ఏదో ఒకటి చెబుతూనే ఉన్నాను, ఆమె ధ్యాస మళ్లాలని. చిన్నప్పుడు తుంగభద్రలో చేపను పట్టబోతే అది తప్పించుకుపోతూ గుర్తుగా తన పాస్‌పోర్టు ఫోటో ఇచ్చిందని కూడా చెప్పాను. ఆమె వినలేదు. కిటికీలోంచి శనగ చేలను చూస్తూ, ఉన్నట్టుండి, "గుంత పూడిస్తే మల్ల తవ్వచ్చన్నా. కానీ ఆ బండ తీసేస్తారు కదా, ఆ పల్లమున్న బండ. దాన్ని యాడ పారేస్తారో" అంది.

నా చేప అక్కడే ఆగిపోయింది.

మహానంది ఆఫీసు రాజ్‌విహార్ దగ్గర, మొదటి అంతస్తులో. మెట్లెక్కడానికి ఆమెకు పావుగంట పట్టింది. లోపల సాహితి అనే అమ్మాయి కంప్యూటరు ముందు ఉంది. నోటీసు చూసి, "సార్ సైటుకు పోయినారు. ఈడ పెట్టిపోండి, వస్తానే ఇస్తాను" అంది.

"అందిందని రాసియ్యమ్మా" అన్నాను.

"అది సారే ఇయ్యాలి తాతా. నేను ఇయ్యకూడదు. పెట్టిపోండి, పోదులే."

"అమ్మా, నేను వెయ్యిన్ని తొమ్మిదివందల డెబ్బై ఒకటిలో ఒక ఆఫీసులో ఒక అర్జీ ఇట్లే బల్ల మీద పెట్టిపోయినా. ఇంతవరకు జవాబు లేదు. చెదలు తినిందంట. ఆ చెదలకిప్పుడు ఇంగ్లీషు వస్తాది. ఫోను చేస్తే హలో అంటాయి."

సాహితి నవ్వేసింది. నవ్వితే పని సగం అయినట్టే అనుకున్నాను. కాలేదు. ముద్ర సొరుగులో పెట్టి తాళం వేసుకుంది.

సుబ్బక్క బెంచీ మీద కూర్చుంది. "ఆయప్ప వచ్చేదాక ఉంటామమ్మా. నేతోళ్లము. కూచునేది మాకు కొత్త కాదు."

పదకొండున్నర నుంచి కూర్చున్నాం. ఇడ్లీలు తిన్నాం. సాహితికి కూడా రెండు పెట్టాం. రెండయింది, నాలుగయింది. గోడ మీద గడియారం, ఆరింటికి ఆఫీసు మూస్తారన్న బోర్డు పక్కనే ఉంది. నేను ఆ రెండింటినీ మార్చి మార్చి చూశాను. సుబ్బక్క ఒక్కసారీ చూడలేదు. ఆమె కాళ్లు మాత్రం చీర కుచ్చిళ్ల కింద కదులుతున్నాయి. ఎడమ, కుడి. ఎడమ, కుడి. తొక్కుతోందని కాసేపటికి గాని నాకు తెలియలేదు.

ఐదుంపావుకు మహానంది వచ్చాడు. యాభై ఏళ్ల మనిషి, చొక్కా మీద సైటు దుమ్ము. నోటీసు నిలబడే చదివాడు. కూర్చుని మళ్లీ చదివాడు.

"ఏమక్కా, మా వల్ల ఏమన్నా తప్పు జరిగిందా?"

"తప్పేం లేదప్పా. నా ఇల్లు నాకు కావాల."

"వీరేంద్రకు ఒక మాట చెప్పిండాలి కదా."

"చెప్పినా. నోటితో."

"నోటితో చెప్పింది యాడ నిలబడుతాదక్కా?"

"అందుకే నిలబడేది తెచ్చినా" అని కాగితం చూపించింది.

మహానంది కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. "అక్కా, ఆర్నెల్లు వద్దులే. మూడు నెలలియ్యి. నంద్యాలాయన ఒకడు గట్టిగా పట్టుకోనుండాడు. మంచి పార్టీ. నీ స్థలం ఆయనకు నచ్చింది."

"స్థలమా, ఇల్లా?"

"ఇల్లు పడగొట్టి షాపులు కడతాడు. పడగొట్టక ఏం చేస్తాడక్కా? ఆ గుంతలో చేపలు పెంచుతాడా?"

సుబ్బక్క నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. "నెల ఉండాది కదప్పా. తీస్కరా ఆయన్ని. కాయితంలో రాసిన ధర ఇస్తానంటే నేను తప్పుకోను. ఈ పడుగు తెగేదాక నీదే. మధ్యలో వదిలే వంశం కాదు మాది. కానీ ఇది తెగినాక అతకనియ్యను."

"తాతా, ఈమె మా ఆఫీసులో పనిచేస్తే బాగుండు" అన్నాడు మహానంది నాతో. సాహితిని ముద్ర తెమ్మన్నాడు. రెండో కాపీ మీద అందినట్టు ముద్ర పడింది. తేదీ వేసి, టైము ఐదూ నలభై అని రాసి, సంతకం పెట్టాడు. ఇల్లు చూపించినవాళ్ల పేర్లు కంప్యూటరులోంచి తీయించి ఇచ్చాడు. పదిహేడుమంది. గుంతలో పడినాయన పేరు కూడా ఉంది.

"గుంత పూడ్చొద్దని వీరేంద్రకు చెప్పప్పా" అంది లేస్తూ.

"నెల కోసం మట్టి ఖర్చు నాకెందుకక్కా?" అన్నాడు. అది నిజమే కాబట్టి నమ్మాను.

ఆ నెల ఆమెకు ఎట్లా గడిచిందో చెప్పడం కష్టం. తెగిందని సంతోషం, నంద్యాలాయన వస్తాడేమోనని భయం. పన్నెండో రోజున అతను వచ్చాడు. టేపు పెట్టి గోడ నుంచి గోడకు కొలిచాడు. సుబ్బక్క మా అరుగు మీద కూర్చుని చూసింది. టేపు లోపలికి చుట్టుకున్న చప్పుడుకు ఉలిక్కిపడింది. అతను ఒప్పందంలో రాసిన ధరకు మూడు లక్షలు తగ్గించి అడిగాడు. వీరేంద్ర వచ్చి చెబితే, "కాయితంలో ఎంతుంటే అంతేనబ్బయ్యా" అంది. నంద్యాలాయన మళ్లీ రాలేదు. కానీ ఇరవయ్యో తారీఖు దాకా మోటారు సైకిలు చప్పుడైతే చాలు, హులిగెమ్మ ఇడ్లీ బండి దగ్గరినుంచి సుబ్బక్క మెడ చాచి చూసేదట.

డిసెంబరు ఇరవై కూడా అమావాస్యే అయింది. వీరేంద్ర సాయంత్రం వచ్చి బోర్డు విప్పాడు. తన ఫోనులో ప్రకటన తీసేసినట్టు చూపించాడు. తాళంచెవి ఆమె చేతిలో పెట్టి, "అక్కా, నా మీద కోపం పెట్టుకోవద్దు" అన్నాడు. "నీ మీద ఏముందిలే. పెండ్లి చేసుకున్నాక కొత్త చీర కావాలంటే రా" అంది.

శివకుమారి అప్పటికే వచ్చి నిలబడి ఉంది. చెక్క పలక మేమందరం పట్టి తీశాం. గుంతలో దుమ్ము, రెండు సిగరెట్టు ముక్కలు. బండ బండలాగే ఉంది. శివకుమారి వంగి మగ్గాన్ని తడిమి చూసి, లేచి, కొంచెం మొహమాటంగా అంది. "పెద్దమ్మా, రేపటినుంచి పుష్యమాసం. శూన్యమాసంలో పడుగు ఎక్కించను. మా అత్త ఒప్పుకోదు. మాఘంలో వస్తా."

ఇంకో నెల. అమావాస్య లెక్క చూసుకునే నోటీసు ఇచ్చిన సుబ్బక్క, ఇప్పుడు శూన్యమాసాన్ని ఎట్లా కాదంటుంది? "రా తల్లీ, మాఘంలోనే రా" అంది. శివకుమారి వెళ్లిపోయింది. వీరేంద్ర వెళ్లిపోయాడు. హులిగెమ్మ దీపం పెట్టడానికి లోపలి గదిలోకి వెళ్లింది. ముందు గదిలో ఆమె, నేను, చప్పుడు లేని మగ్గం మిగిలాం.

"అన్నా, చేయియ్యి" అంది.

"మోకాళ్లు?"

"చేయియ్యి."

పట్టుకున్నాను. డెబ్బై ఐదేళ్ల మనిషి అరవై ఏళ్ల మనిషిని గుంతలోకి దించడమంటే సులభం కాదు. కూర్చుంది. కాళ్లు కిందికి జారాయి. ఎడమ మడమ బండ మీద వెతుక్కుని వెతుక్కుని, పల్లం దొరికాక ఆగింది. తొక్కుడు కర్రలు ఎప్పుడో విప్పి పక్కన పెట్టేశారు. అయినా ఆమె కాళ్లు కదిలాయి. ఎడమ, కుడి. కుడి చేత్తో, అక్కడ లేని నాడెను పోగుల మధ్యకు విసిరింది. ఏ చప్పుడూ రాలేదు. నేను మాత్రం గడియారం చూసుకున్నాను, అలవాటుగా.

హులిగెమ్మ దీపంతో వచ్చి గుండె బాదుకుంది. "అయ్యో, ఈమెను ఇంక పైకి ఎవురు తీస్తారు? లెయ్యక్కా, లే!"

సుబ్బక్క తల ఎత్తలేదు.

"కొంచేపు ఉండనియ్యవే. ఇంకా మూరెడు కూడా కాలేదు."